హిందీలో ఒక తాజియత్ నామా

తెలుగులో సంతాపం తెలపడం వచ్చినవాళ్లు హిందీలోనూ అది సులువే అనుకుంటారు. రెండు భాషల్లోనూ సంస్కృతం మాటలే కదా, చివర ‘ము’, ‘వు’ తీసేస్తే చాలని ఒక భరోసా. ఉర్దూ మీడియంలో చదివిన నాలాంటివాళ్లది ఇంకో రకం భరోసా. లిపి మారిన ఉర్దూనే హిందీ అని. బజారులో, రైల్లో, ఫోన్లో ఈ రెండు భరోసాలూ నడిచిపోతాయి. తండ్రి పోయిన మనిషికి రాసే నాలుగు లైన్లలో మాత్రం రెండూ దెబ్బతింటాయి. ఆ రోజు అతను ఒక్కో మాటనీ మామూలు రోజుల్లోలా చదవడు. కొన్ని అసలు చదవడు, కొన్ని ఏళ్ల తరబడి మర్చిపోడు.

ఆ మధ్య ఢిల్లీలో పనిచేసే మా సహోద్యోగి ఒకతనికి తండ్రి పోయారు. వాళ్లది కాన్పూర్. మా డెస్కులో ఉండే తమ్ముడొకడు అతనికి హిందీలో మెసేజ్ రాసి, పంపే ముందు నాకు చూపించాడు. “భాయ్, మీకు ఉర్దూ వచ్చు కదా, ఒక్కసారి చూడండి” అన్నాడు. అది ఇలా ఉంది:

“శుభోదయ్. ఆప్‌కా పితాజీ కా మరణ్ సే ముఝే ఖేద్ హై. మేరా ప్రగాఢ్ సంతాప్ ఔర్ సానుభూతి. ఉమర్ హో గయీ థీ, భగవాన్ కీ మర్జీ. కైసే హువా? కుఛ్ చాహియే తో బతానా.”

నియ్యత్‌కి వంక పెట్టలేం. వాడి దిల్ అందులో ఉంది. అల్ఫాజ్ మాత్రం ఎదురు తిరిగాయి.

మొదట ‘ఖేద్’. దూరదర్శన్ చూసి పెరిగిన వాళ్లకి ఈ మాట బాగా తెలుసు. ప్రసారం ఆగిపోతే తెర మీద ‘రుకావట్ కే లియే ఖేద్ హై’ అని వచ్చేది. హిందీలో ఖేద్ అనేది దఫ్తర్ మాట. రైలు ఆలస్యమైతే, దరఖాస్తు తిరస్కరిస్తే ఖేద్. ఇంగ్లీషు ‘సారీ’ని హిందీలోకి దింపితే ఇదే చేతికొస్తుంది. తండ్రి పోయినవాడి దగ్గర కావలసింది ‘దుఖ్ హువా’. లేదా ‘అఫ్‌సోస్ హువా’. ఇంగ్లీషులోంచే వచ్చే ఇంకో మాట ‘నుక్సాన్’. అది దుకాణంలో వచ్చే నష్టం. పెద్దమనిషి చావుని ఆ ఖాతాలో రాయకూడదు. ‘అపూరణీయ క్షతి’ అనే మాట ఉంది కానీ, అది నాయకుల ప్రకటనలకి సరిపోతుంది. పక్క సీటులో కూర్చునే మనిషికి రాస్తే మైకు ముందు నిలబడి మాట్లాడినట్టుంటుంది.

తర్వాత ‘సంతాప్’. తెలుగువాళ్లు తప్పకుండా పడే గుంట ఇది. మనకి సంతాపం అంటే మనం తెలిపేది. సంతాప సభ, సంతాప తీర్మానం. హిందీలో సంతాప్ అంటే లోపల కాలే బాధ, మనసు రగిలిపోవడం. అది పోగొట్టుకున్నవాడికి ఉంటుంది, మనం కవరులో పెట్టి పంపేది కాదు. సభ అయితే వాళ్లు ‘శోక్ సభా’ అంటారు. పంపేది ‘సంవేద్‌నా’. ‘సానుభూతి’ కూడా అంతే. వాళ్ల మాట ‘సహానుభూతి’. అందులో పైనుంచి చూసే జాలి కొంచెం వినిపిస్తుంది కాబట్టి చావు సందర్భంలో సంవేద్‌నాయే మేలు. దాని ముందు ‘ప్రగాఢ్’ వద్దు, ‘గహ్‌రీ’ చాలు. హిందీలో ప్రగాఢ్ ఎక్కువగా సంబంధాలకి, నిద్రకి అంటుకుంటుంది. ‘హార్దిక్’ వాడేవాళ్లున్నారు, తప్పు కాదు. కానీ హార్దిక్ అనగానే చెవి దాని వెనకాల ‘శుభ్‌కామ్‌నాయేఁ’ కోసం చూస్తుంది.

ఇక్కడే ఇంకో తేడా. ‘శ్రద్ధాంజలి’ పోయినవాళ్లకి, ‘సంవేద్‌నా’ ఉన్నవాళ్లకి. ‘ఆప్‌కో శ్రద్ధాంజలి’ అని రాస్తే బతికున్న కొడుకు ఫొటోకి దండ వేసినట్టు. హడావుడిలో ఇలా రాసేవాళ్లని చాలామందిని చూశాను.

వ్యాకరణంలో ఒక్కటి చూసుకుంటే చాలు, మర్యాద. తెలుగులో ‘మీ నాన్నగారు’ అన్నాక ‘మీ’ మారదు. హిందీలో అదబ్ పక్కనున్న ప్రతి మాటలోకీ పాకుతుంది. ‘ఆప్‌కా పితాజీ’ కాదు, ‘ఆప్‌కే పితాజీ’. ‘వహ్ అచ్ఛే థే’, ‘థా’ కాదు. పెద్దాయన గురించి ‘థా’ అంటే తెలుగులో ‘ఉండేవాడు’ అన్నట్టే. అమ్మ అయితే ‘ఆప్‌కీ మాతాజీ’, ‘నహీఁ రహీఁ’. దక్కనీ మాట్లాడేవాళ్లకీ ఈ మగ ఆడ లెక్క కాస్త జారుతుంది, అందుకని మనవాళ్లూ ఇక్కడ ఆగి చూసుకోవాలి. క్రియల్లో ‘మర్ గయే’ మొరటు. ‘చల్ బసే’ మూడోమనిషికి చెప్పే మాట, ఇంట్లోవాళ్ల ముఖాన అనేది కాదు. ‘నిధన్’, ‘దేహాంత్’, ‘నహీఁ రహే’ మూడూ నిశ్చింతగా వాడొచ్చు. ‘స్వర్గవాస్’ హిందూ ఇళ్లలో మామూలే.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది దేవుడి దగ్గర. హిందీలో రివాజు వాక్యం ఇది: ‘ఈశ్వర్ దివంగత్ ఆత్మా కో శాంతి ప్రదాన్ కరే ఔర్ పరివార్ కో యహ్ దుఖ్ సహ్‌నే కీ శక్తి దే.’ మా తమ్ముడికి దీంతో పేచీ లేదు, హాయిగా రాయొచ్చు. ప్రశ్న నాది, ఎందుకంటే సాయంత్రం నేనూ అతనికి రాయాలి. నా నోట ‘ఈశ్వర్’ సహజంగా రాదు, తెచ్చిపెట్టుకున్నట్టు ఉంటుంది. పోనీ ‘అల్లాహ్’ అని రాస్తే ఆ ఇంటి దుఃఖంలోకి నా దీన్‌ని మోసుకెళ్లినట్టు. హిందీ దీనికి ఒక చిన్న దారి ఇచ్చింది. ‘దే’ తీసేసి ‘మిలే’ పెడితే ఇచ్చేవాడి పేరు చెప్పే పనే ఉండదు. ‘ఉన్‌కీ ఆత్మా కో శాంతి మిలే, ఆప్ సబ్‌కో సహ్‌నే కీ శక్తి మిలే.’ తెలుగులో ‘కలగాలని’ అంటాం చూడండి, అలాగ. ఎవరి నుంచి కలగాలో రాసేవాడికి ఒకటి తెలుసు, చదివేవాడికి ఒకటి తెలుసు. నాస్తికుడికి రాసేటప్పుడైతే ఆత్మ భాగం కూడా వదిలేసి, సహ్‌నే కీ శక్తి ఒక్కటే ఉంచుకోవచ్చు.

ఇక అనకూడనివి. ‘ఉమర్ హో గయీ థీ’ నిజమే కావచ్చు, ఎనభై దాటి ఉండొచ్చు. కానీ ఆ మాట కొడుకు అనాలి, మనం కాదు. ‘ముక్తి మిల్ గయీ’ కూడా అంతే. మంచాన పడ్డ మనిషిని నెలల తరబడి చూసినవాళ్లకి ఆ మాట అనే హక్కుంది. ‘భగవాన్ కీ మర్జీ’, ‘వక్త్ సబ్ ఠీక్ కర్ దేతా హై’ వింటే ఇక ఏడుపు ఆపు అన్నట్టుంటుంది. ‘అబ్ ఘర్ ఆప్‌కో సంభాల్‌నా హై’ అయితే ఇంకా అన్యాయం, చితి ఆరకముందే బరువు ఎత్తడం. ‘కైసే హువా?’ అని అడిగితే అతను ఆ రాత్రిని నలభైసార్లు తిరగరాయాలి. పత్రికలో పనిచేసే మనకి ఈ ప్రశ్న నాలుక చివరే ఉంటుంది. శుభోదయ్ లాంటి శుభం మాటలు వద్దు, నమస్తే చాలు.

‘కుఛ్ చాహియే తో బతానా’ మీద తమ్ముడు వాదించాడు. “అందులో తప్పేముంది భాయ్, సాయం చేస్తానంటున్నా కదా” అన్నాడు. తప్పు లేదు. కానీ ఏం కావాలో ఆలోచించే పని మళ్లీ అతనికే అప్పజెప్పాం. మనం ఏం చేయగలమో మనమే చెప్పేస్తే అతను ఊరుకున్నా సరిపోతుంది. “అతని పనిలో నువ్వు చేయగలిగింది ఏమిటి?” అని అడిగాను. ఆదివారం పేజీకి అతను పంపాల్సిన కథనాలు రెండున్నాయని, అవి తను చూసుకోగలనని చెప్పాడు. “వాళ్ల నాన్నగారి గురించి అతను నీతో ఎప్పుడైనా ఏమైనా చెప్పాడా?” అంటే కాసేపు గుర్తు చేసుకున్నాడు. ఇంట్లో పొద్దున పేపరు మొదట ఆయనే చదివేవారట, ఆయన మడత విప్పకముందు ఇంకెవరూ ముట్టుకునేవారు కాదట. అంతే, మాకు కావలసింది దొరికింది.

చివరికి తమ్ముడు పంపింది ఇది. పంపింది నాగరిలో, ఇక్కడ మన లిపిలో పెడుతున్నాను.

“నమస్తే భాయీ సాహబ్. ఆప్‌కే పితాజీ కే నిధన్ కీ ఖబర్ మిలీ. బహుత్ దుఖ్ హువా. ఆప్ బతాతే థే కి ఘర్ మేఁ సుబహ్ కా అఖ్‌బార్ సబ్‌సే పహ్‌లే వహీ ఖోల్‌తే థే. యహ్ బాత్ ముఝే యాద్ రహేగీ. ఉన్‌కీ ఆత్మా కో శాంతి మిలే, ఆప్ సబ్‌కో యహ్ దుఖ్ సహ్‌నే కీ శక్తి మిలే. రవివార్ కే పన్నే కా ఆప్‌కా కామ్ మైఁ దేఖ్ రహా హూఁ, ఉస్‌కీ చింతా మత్ కీజియే. జవాబ్ దేనే కీ జరూరత్ నహీఁ.”

కింద పేరు. వాడు మొదట ‘దేఖ్ లూఁగా’ అని రాశాడు. పని గురించి కాబట్టి అదీ తప్పు కాదు. కానీ ‘తుమ్హేఁ దేఖ్ లూఁగా’ అంటే ‘నీ సంగతి చూస్తా’ అనే బెదిరింపు కూడా. ఇలాంటి రోజున ఆ నీడ కూడా పడకుండా ఉంటే మంచిదని మార్పించాను. చివరి వాక్యం నాకు చాలా ముఖ్యం. ఉత్తరాది హిందూ ఇళ్లలో తేరహ్‌వీఁ దాకా, అంటే పదమూడో రోజు దాకా, వచ్చేపోయే జనం, కర్మకాండలు. అప్పుడు వంద మెసేజులకి ‘ధన్యవాద్’ టైప్ చేయడం ఎంత తక్లీఫో చేసినవాళ్లకే తెలుసు.

మెసేజ్ కాస్త ఆలస్యమైందని మానేయకూడదు. ‘ఖబర్ దేర్ సే మిలీ’ అని ఒక్క ముక్క రాసి పంపొచ్చు. తేరహ్‌వీఁ అయ్యాక, జనం వెళ్లిపోయాక అందే నాలుగు లైన్లకి ఇంకో రకం విలువ.

హిందీలో రాసే సహోద్యోగి ముసల్మాన్ అయితే అల్ఫాజ్ మారతాయి. పితాజీ బదులు ‘వాలిద్ సాహబ్’, నిధన్ బదులు ‘ఇంతెకాల్’, స్వర్గీయ బదులు ‘మర్‌హూమ్’. తల్లి అయితే ‘వాలిదా’, ‘మర్‌హూమా’. దుఆ ఇలా నడుస్తుంది: ‘అల్లాహ్ మర్‌హూమ్ కీ మగ్‌ఫిరత్ ఫర్మాయే, ఘర్‌వాలోఁ కో సబ్రె జమీల్ అతా కరే.’ సబ్రె జమీల్, అందమైన ఓర్పు, సూరా యూసుఫ్‌లో యాకూబ్ అలైహిస్సలామ్ మాట నుంచి వచ్చింది. కొడుకు దూరమైన తండ్రి అన్న మాట అది. హిందూ మిత్రులు ఈ దుఆ నోరు తిరక్క అవస్థ పడనక్కర్లేదు. ‘ఆప్‌కే గమ్ మేఁ శరీక్ హూఁ’ అంటే చాలు. అది ఏ ఇంటికైనా వెళ్తుంది.

మా అమ్మీ పోయినప్పుడు నాకూ ‘ఓం శాంతి’లు చాలా వచ్చాయి. తక్లీఫ్ అనిపించలేదు, నియ్యత్ తెలుసు. అయితే ఇప్పటికీ ఫోన్లో దాచుకున్నది ఒక్కటే. నాతో రెండేళ్లు నైట్ డ్యూటీ చేసిన భోపాల్ అతను పంపింది. ‘అమ్మీ కే హాథ్ కీ సేవయ్యాఁ దో ఈద్ ఖాయీ థీఁ. ఆజ్ కీ రాత్ కీ డ్యూటీ మేరీ.’