కుక్క, పిల్లి, ఎలుక చదివి వెళ్తే పరీక్షలో రాము, సీత వచ్చారు



టెట్ సైకాలజీ ఎట్లా చదవాలని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. మేం టాపర్లం కాదు. హాస్టల్లో ఒక రూమ్‌లో ఉండే ఐదుగురం, డీఎడ్ సెకండియర్. మా ఇళ్లల్లో పదో తరగతి దాటి కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. పోయినసారి పేపర్-1 రాస్తే శిశు వికాసం, పెడగాజీలో 30కి మాకు వచ్చినవి 11, 13, 13, 14, 16. మనకు 150కి 60 వస్తే క్వాలిఫై కాబట్టి ముగ్గురం ఎట్లాగో బయటపడ్డాం, ఇద్దరు ఆగిపోయారు. క్వాలిఫై అయిన ముగ్గురికీ సంతోషం లేదు. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కదా, 60 దగ్గర ఆగితే అక్కడ వెనకబడ్డట్టే.

మేం చదవక పోగొట్టుకోలేదు. గోడ మీద చార్టు రాసి అంటించుకున్నాం. పావ్‌లోవ్ - కుక్క, థార్న్‌డైక్ - పిల్లి, స్కిన్నర్ - ఎలుక, కోహ్లర్ - చింపాంజీ. రాత్రి పదింటికి లైట్లు ఆర్పాక కూడా ఒకరినొకరు అడుక్కునేవాళ్లం. తీరా కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒక్క జంతువూ రాలేదు. రాము బడికి ఆలస్యంగా వచ్చాడు, సీత లెక్క తప్పు చేసింది, టీచర్ ఇట్లా చేశాడు, ఇది ఏమిటి? అన్నీ ఇవే.

రిజల్ట్ వచ్చాక రెస్పాన్స్ షీట్లు, కీ పక్కపక్కన పెట్టుకుని తప్పు పోయినవన్నీ ఒక నోటుబుక్కులో దించాం. తర్వాత పాత పేపర్లు కూడా అట్లాగే చేశాం. అప్పుడు తెలిసింది, నేరుగా అడిగిన బిట్లు మాకు పెద్దగా పోలేదు. తరగతి సన్నివేశం ఇచ్చి అడిగినవే పోయాయి. ఎందుకంటే మేం సన్నివేశంలో తెలిసిన మాట ఒకటి వెతుక్కుని దాన్ని పట్టుకుని జవాబు పెట్టేస్తున్నాం. తిట్టాడు అంటే దండన. చాక్లెట్ ఇచ్చాడు అంటే పునర్బలనం. గ్లాసులు, నీళ్లు కనిపిస్తే పియాజే.

ఒక ప్రశ్న చూడండి. (మాటలు మావి, పద్ధతి పేపర్లదే.) వారమంతా టైముకు వచ్చిన పిల్లలకు శనివారం తరగతి ఊడ్చే పని ఉండదని టీచర్ చెప్పాడు, టైముకు వచ్చేవాళ్లు పెరిగారు. ఇది ధనాత్మక పునర్బలనమా, ఋణాత్మక పునర్బలనమా, దండనా? మా రూమ్‌లో ముగ్గురం దండన అన్నాం. ఊడ్చే పని అనే మాట చూసి అట్లా అన్నాం, ఇంకో కారణం లేదు. ‘ఋణాత్మక’ అంటే చెడ్డది అని ఒక భయం కూడా మనసులో ఉంది.

ఇక్కడ రెండు సంగతులు చూసుకుంటే చాలు. మొదటిది, ఆ ప్రవర్తన పెరిగిందా తగ్గిందా. పెరిగితే పునర్బలనం, తగ్గితే దండన. రెండోది, టీచర్ ఏదైనా ఇచ్చాడా, తీసేశాడా. ఇస్తే ధనాత్మకం, తీసేస్తే ఋణాత్మకం. మంచీ చెడూ లెక్కలోకి రావు. పై ప్రశ్నలో టైముకు రావడం పెరిగింది, ఇష్టం లేని పని తీసేశారు. కాబట్టి ఋణాత్మక పునర్బలనం. స్టడీ అవర్‌కి ఎగ్గొడితే ఆదివారం చికెన్ కట్ అని, ఆ దెబ్బకు ఎగ్గొట్టేవాళ్లు తగ్గారనుకోండి. అది ఇష్టమైనది తీసేసి తగ్గించడం, అంటే దండనే. ఈ ఉదాహరణ ఏ హాస్టల్లో పిల్లలకైనా పరీక్ష హాల్లో గుర్తొస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. టీచర్ రోజూ ఒకడిని అల్లరి చేస్తున్నాడని తిడుతున్నాడు, వాడి అల్లరి ఇంకా పెరుగుతోంది. టీచర్ మనసులో అది దండన. కానీ పెరిగింది కదా. అందరిలో టీచర్ తనవైపు చూడటమే వాడికి కావాల్సింది, తిట్టుతో అది దొరుకుతోంది. స్కిన్నర్ లెక్కలో ఆ తిట్టు ధనాత్మక పునర్బలనం. టీచర్ ఉద్దేశం బట్టి పేరు రాదు, పిల్లవాడిలో ఏం జరిగిందో దాన్ని బట్టి వస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మా నోటుబుక్కులో స్కిన్నర్ తప్పులు చాలావరకు సర్దుకున్నాయి.

పియాజే మాత్రం పుస్తకంతో సర్దుకోలేదు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లాకే అర్థమైంది.

మమ్మల్ని ఏజెన్సీలో ఒక ప్రాథమిక పాఠశాలకు వేశారు. రెండో తరగతిలో ఒక పాప ఉండేది, రిజిస్టర్‌లో ఏడేళ్లు. ఇంట్లో కోయ మాట్లాడుతుంది. ‘ఆమెకు లెక్కలు రావు’ అని మాకు ముందే చెప్పారు. ఆ మాట వినగానే మాలో ఒకమ్మాయి ముఖం మారిపోయింది. ఆమెను చిన్నప్పుడు ఒకటో తరగతిలోనే రెండేళ్లు కూర్చోబెట్టారు. తెలుగు రాకపోతే తెలివి లేదనుకున్నారు.

మేం చింతగింజలు తీసుకెళ్లాం. ఏడు గింజలు ఒక వరస, దాని కింద ఎదురెదురుగా ఏడు ఇంకో వరస. ‘రెండూ సమానమా?’ అంటే సమానం అంది. తర్వాత మేమే కింది వరసను దూరదూరంగా జరిపి, ‘ఇప్పుడు ఏ వరసలో ఎక్కువ ఉన్నాయి?’ అన్నాం. పొడుగ్గా ఉన్న వరస చూపించింది. లెక్కపెట్టమంటే రెండూ ఏడే అని చెప్పింది. మళ్లీ అడిగితే మళ్లీ పొడుగు వరసే. మాకు లోపల భలే అనిపించింది, పుస్తకంలో ఉన్నది కళ్ల ముందు జరిగింది కదా. పదిలపరచుకొనే భావన ఇంకా రాలేదు, ఒక్క పొడవు మీదే దృష్టి పెడుతోంది కాబట్టి ఏకమితి, కాబట్టి పూర్వ ప్రచాలక దశ. పేపర్లో ఈ సన్నివేశం వస్తే జవాబు అదే, అనుమానం వద్దు.

మరునాడు కోయ వచ్చిన మా అమ్మాయి అవే గింజలు పెట్టి కోయలో అడిగింది. ఈసారి ‘ఎక్కువ’ అని అడగలేదు. ‘ఇన్ని గింజలు నీకు, ఇన్ని నాకు, ఎవరికైనా తక్కువయ్యాయా?’ అనే అర్థం వచ్చేలా అడిగింది. పాప రెండు వరసలూ చూసి ఎవరికీ తక్కువ కాలేదు అనేసింది. మొన్న మన ‘ఎక్కువ’ ఆమె చెవికి ‘పొడుగు’ అని పడిందేమో.

కాలేజీకి వచ్చి లెక్చరర్‌తో చెబితే ఆయన నవ్వి, ఈ గొడవ పాతదేనన్నారు. మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే ఇద్దరు ఇదే పరీక్షను పెద్దవాళ్లతో జరిపించకుండా ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేస్తే, సరిగ్గా చెప్పిన పిల్లలు చాలా పెరిగారట. పెద్దవాళ్లు కావాలని జరిపి అదే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పేమో, మార్చి చెప్పాలేమో అని పిల్లలు అనుకుంటారట. మాకు చప్పున వెలిగింది. మొదటిరోజు మేమూ అదే చేశాం, పైగా రాని భాషలో. రెండోరోజు భాష మారింది, ప్రశ్న మారింది, అడిగిన మనిషి మారింది. దేనివల్ల జవాబు మారిందో ఒక్క పాపతో తేల్చలేం. కానీ ‘లెక్కలు రావు’ అని మాత్రం ఆ గింజలు చెప్పలేదు.

తర్వాత వారం అదే పాప తీసివేత. 32 - 15 ఇస్తే 23 అని రాసింది. ఒకట్ల స్థానంలో 2లోంచి 5 పోదు కాబట్టి 5లోంచి 2 తీసేసింది. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలనే పాత సూత్రాన్నే ఇక్కడా పెట్టేసింది. మేం ఇది తప్పు అనలేదు. చీపురుపుల్లలు పదేసి కట్టలు మూడు, విడిగా రెండు ఇచ్చి 15 తీసిమ్మన్నాం. ఒక కట్ట పక్కన పెట్టింది. ఇంకా ఐదు కావాలి, చేతిలో విడివి రెండే. ఆగిపోయింది. అప్పుడు ఒక్క మాట, ‘కట్ట విప్పొచ్చా?’ అన్నాం. రబ్బరు తీసేసి పన్నెండులోంచి ఐదు తీసింది, మిగిలినవి 17. రెండో లెక్కకు మేం మాట్లాడలేదు, కట్ట వైపు చూశాం అంతే. మూడోది, 41 - 26, పుల్లలు ముట్టుకోకుండా పలక మీద చేసేసి 15 అని చూపించింది.

ఆ రాత్రి రూమ్‌లో దీన్నే ప్రశ్నగా రాసుకున్నాం. అప్పుడు ఐదుగురం నాలుగు జవాబులు చెప్పాం, తమాషా ఏంటంటే ఎవరిదీ తప్పు కాదు. సన్నివేశం ఒకటే, చివరి వాక్యం ఏం అడుగుతుందో దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. పాత సూత్రాన్నే కొత్త లెక్కకు వాడి 23 రాయడం గురించి అడిగితే పియాజే సాంశీకరణం. అది పనికిరాదని తెలిసి పద్ధతి మార్చుకోవడం అడిగితే అనుగుణ్యం. ఒంటరిగా చేయలేనిది సాయంతో చేయగలిగిన ఆ మధ్య జాగా గురించి అడిగితే వైగోట్‌స్కీ సామీప్య వికాస మండలం. ‘కట్ట విప్పొచ్చా’ అని అని, తర్వాత చూపుతో సరిపెట్టి, ఆ తర్వాత తప్పుకోవడం అడిగితే సారువ, అంటే స్కఫోల్డింగ్.

సారువ దగ్గర ఇద్దరికి పోయిన బిట్టు ఒకటుంది. పిల్లవాడికి రాకపోతే టీచర్ లెక్క మొత్తం బోర్డు మీద చేసి రాసుకోమన్నాడు, ఇది సారువా? కాదు. సాయం పిల్లవాడు ఆగిన చోటు వరకే ఉండాలి, మెల్లగా తగ్గిపోవాలి. ఇల్లు కట్టేటప్పుడు కట్టిన సారువ గోడ లేచాక విప్పేస్తారు, గోడే తాపీ మేస్త్రి అయితే సారువ ఎందుకు? ఇంకో మాట, ఆ పదం వైగోట్‌స్కీ వాడలేదు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసంతో అది వాడుకలోకి వచ్చింది. పేపర్లలో మాత్రం వైగోట్‌స్కీ పక్కనే పెట్టి అడుగుతారు, ఆప్షన్లలో ఆయన ఒక్కడే ఉంటే ఆయనకే పెట్టండి, వాదించకండి.

ఇప్పుడు మేం ముందు చివరి వాక్యం చదువుతున్నాం, తర్వాతే కథ. పాత పేపర్ టైం పెట్టుకుని రాస్తే 30కి 19 నుంచి 23 మధ్య వస్తున్నాయి. కోల్‌బర్గ్ నైతిక దశల్లో ఇంకా తడబడుతున్నాం, ఎవరికైనా మంచి ఉదాహరణలు ఉంటే కింద రాయండి.

గోడ మీద జంతువుల చార్టు అట్లాగే ఉంది, దాని పక్కన ఇప్పుడు ఒక చింతగింజల పొట్లం వేలాడుతోంది. ఇంటర్న్‌షిప్ ఆఖరి రోజు ఆ పాపే గింజలు రెండు వరసలు పేర్చి, ఒకటి దూరంగా జరిపి, ఎవరికి తక్కువయ్యాయో చెప్పమని కోయలో మమ్మల్ని అడిగింది. మాలో కోయ రానివాళ్లు ముగ్గురం బిక్కముఖం వేశాం.