బోల్టు గట్టిదే… మరి గోడ?

ఏసీ కొనేటప్పుడు స్టార్ రేటింగ్ చూస్తాం, ఆఫర్ చూస్తాం, ఈఎంఐ చూస్తాం. బయట గోడకి వేలాడే ముప్పై కిలోల పెట్టె దేన్ని పట్టుకుని ఉంటుందో మాత్రం చూడం. నేను చూశాను. దానికి కారణం నా గొప్పతనం కాదు, డ్రిల్లు నుంచి రాలిన పొడి.

హైదరాబాద్‌లో మేం ఉండే ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉంది. అవుట్‌డోర్ యూనిట్‌ని యుటిలిటీ పక్క గోడకి బయటివైపు పెట్టాలి. ఫిట్టింగ్‌కి వచ్చిన అన్న బ్రాకెట్లు, యాంకర్ బోల్టులు తీసి మొదటి హోల్ మొదలుపెట్టాడు. డ్రిల్లు వెన్నలోకి దిగినట్టు దిగింది. కింద పడిన పొడి తెల్లగా, మెత్తగా, పిండిలా ఉంది.

"అన్నా, ఇది ఇటుక కాదు కదా?" అన్నాను.

"లైట్ వెయిట్ బ్రిక్ సార్. కొత్త అపార్ట్‌మెంట్లన్నీ గివే. ఏం కాదు, రోజూ పెడ్తనే ఉన్నం."

ఆ పొడి ఒక రకంగా గోడ ఆధార్ కార్డు. ఎర్రగా వస్తే మట్టి ఇటుక. బూడిద రంగులో వస్తూ, డ్రిల్లు అరుస్తూ కష్టంగా దిగితే కాంక్రీటు. కాస్త దిగి, హఠాత్తుగా లోపలికి జారిపోతే బోలు ఇటుక. తెల్లగా, తేలిగ్గా రాలితే ఏఏసీ బ్లాక్, అంటే లోపల సన్నటి గాలి బుడగలున్న బ్లాక్. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో బరువు మోసేది పిల్లర్లు, బీములే. మధ్యలో గోడలు ఖాళీ నింపడానికి మాత్రమే.

మామూలు యాంకర్ బోల్టు ఎలా పట్టుకుంటుందో తెలిస్తే సమస్య అర్థమవుతుంది. నట్టు బిగించే కొద్దీ బోల్టు చివర ఉన్న కోన్ వెనక్కి వచ్చి, చుట్టూ ఉన్న స్లీవ్‌ని విప్పారేలా చేస్తుంది. ఆ స్లీవ్ హోల్ గోడల్ని నొక్కి పట్టుకుంటుంది. కాంక్రీటు ఆ ఒత్తిడికి ఎదురు నిలబడుతుంది. ఏఏసీ బ్లాక్ మాత్రం నలిగి పొడైపోతుంది. నట్టు తిప్పుతున్నా బిగుసుకోకుండా బోల్టు మొత్తం గిరగిరా తిరిగితే, ఆ హోల్ పని అయిపోయినట్టే. ఇంకా పెద్ద బోల్టు కొట్టినా అదే కథ. ఇంకో సంగతి, పైన ఉండే ప్లాస్టర్ రెండు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. దాన్ని పట్టులో లెక్కేసుకోకూడదు. బోల్టు ఎంత లోతు దిగిందనేది ప్లాస్టర్ దాటాకే మొదలవుతుంది.

మరి ఎంత బరువు లాగుతుంది? కాగితం మీద ఒక సుమారు లెక్క వేశాను. యూనిట్ 30 కిలోలు. దాని బరువు మధ్య బిందువు గోడకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బ్రాకెట్‌లో పై బోల్టుకీ కింది బోల్టుకీ మధ్య దూరం కూడా 30 సెంటీమీటర్లే. అంటే పై బోల్టుల్ని గోడలోంచి బయటికి లాగే బలం 30 కిలోలు, రెండు బ్రాకెట్లకి చెరి 15. ఇంతేనా అనిపిస్తుంది. కానీ సర్వీసింగ్‌కి వచ్చిన మనిషి యూనిట్ ముందు అంచు మీద పూర్తిగా ఆనుకున్నాడనుకోండి. 70 కిలోలు, గోడకి 50 సెంటీమీటర్ల దూరం. ఆ ఒక్కదానివల్లే ఇంకో 117 కిలోల లాగుడు. మొత్తం కలిపి ఒక్కో పై బోల్టుకి 73 కిలోలు పైమాటే, దాదాపు ఐదు రెట్లు. పైగా రోజూ గంటల తరబడి వైబ్రేషన్. మెత్తటి బ్లాక్‌లో హోల్ మెల్లగా వదులయ్యేది అలాగే.

అన్నకి ఆ కాగితం చూపించాను. కాసేపు చూసి, "అట్లయితే ఆర్‌పార్ కొడదాం సార్. గా రాడ్ తెప్పియ్యండి" అన్నాడు. ఆయనకి దారి తెలుసు. మామూలుగా ఎవరూ అడగరు, అంతే.

హార్డ్‌వేర్ షాపులో 10 ఎంఎం త్రెడ్ రాడ్ కొని నాలుగు ముక్కలు కోయించాం. బ్లాక్ 20 సెంటీమీటర్లు, రెండువైపులా ప్లాస్టర్, బ్రాకెట్, నట్లు కలిపి ఒక్కో ముక్క 30 సెంటీమీటర్లు. యుటిలిటీ లోపలివైపు పెట్టడానికి నాలుగు చదరపు ఇనుప ప్లేట్లు. ఇప్పుడు బోల్టు బ్లాక్‌ని లోపల్నుంచి నొక్కి పట్టుకోదు. బరువు లాగినప్పుడు ప్లేటు గోడకి అవతలి ముఖం మీద విస్తరించి ఆనుతుంది. డ్రిల్లులో హ్యామర్ మోడ్ ఆపేశాడు, దెబ్బలకి బ్లాక్ పగలకుండా. హోల్ బయటివైపుకి కొంచెం కిందికి వాలేలా వేశాడు, వాన నీళ్లు లోపలికి రాకుండా. చివర్లో చుట్టూ సిలికాన్ సీలెంట్. నట్లు మాత్రం మరీ బిగించలేదు. ప్లేటు కింద ప్లాస్టర్ చిట్లితే అక్కడితో ఆగాలి. గోడ అవతలివైపు మనకి అందకపోతే ఈ పద్ధతి కుదరదు. అప్పుడు ఆ బ్లాక్‌కి సరిపడే కెమికల్ యాంకర్ వాడాలి, లేదా యూనిట్‌ని బీము దగ్గరికి మార్చాలి. బీములో డ్రిల్లుకి ఇనుప కడ్డీ తగిలితే దాన్ని కోయకుండా హోల్‌ని పక్కకి జరపాలి.

యూనిట్ ఎక్కింది, ఆన్ చేశాం. రాత్రి వంటింట్లో ఒక సన్నటి "మ్మ్మ్" మొదలైంది. అదీ ఎప్పుడూ కాదు. ఇన్వర్టర్ కంప్రెసర్ ఒకానొక స్పీడుకి వచ్చినప్పుడు మాత్రమే.

యూనిట్ కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు ఉన్నాయి. కానీ పల్చగా, చెప్పు అట్టలా గట్టిగా ఉన్నాయి. ప్యాడ్ పని చేసేది రబ్బరు అయినందుకు కాదు, బరువుకి కొంచెం కుంగినందుకు. దీనికి ఒక చిన్న సూత్రం ఉంది. ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే, యూనిట్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లో వస్తుంది. 1 మిల్లీమీటర్ కుంగితే సుమారు 16. పదో వంతు, అంటే 0.1 మాత్రమే కుంగితే 50. కంప్రెసర్ 50 దగ్గర తిరుగుతుంటే, ఆ గట్టి ప్యాడ్ వైబ్రేషన్‌ని ఆపకపోగా పెంచుతుంది! మెత్తటి ప్యాడ్ అయితే 16 ఎక్కడో కింద ఉండిపోతుంది, 50 దాకా వెళ్లిన వణుకులో చాలా భాగం గోడకి చేరదు. వణుకుతున్నప్పుడు రబ్బరు ఇంకాస్త గట్టిగా ప్రవర్తిస్తుంది కాబట్టి ఇది అంచనా మాత్రమే.

మందపాటి మెత్తటి ప్యాడ్లు వేయించాం. కాలి నట్టుని రబ్బరు నలిగిపోయేంత బిగించకుండా, వదులు కాకుండా రెండో నట్టు వేశాడు అన్న. బోల్టు తల కింద కూడా రబ్బరు వాషర్ పెట్టాడు. లేకపోతే వణుకు ప్యాడ్‌ని వదిలేసి బోల్టు గుండానే బ్రాకెట్‌లోకి దిగుతుంది. గోడకి తగులుతున్న రాగి పైపుని కూడా కాస్త వంపు తిప్పి విడిగా క్లాంప్ చేశాడు.

పని చేస్తోందా లేదా అని తెలుసుకోవడం తేలికే. మెకానిక్ ఉన్నప్పుడే, ఏసీ నడుస్తుండగా యూనిట్ కాలి మీద ఒక వేలు, బ్రాకెట్ మీద ఒక వేలు పెట్టమనండి. రెండూ ఒకేలా వణికితే ప్యాడ్ ఉన్నా లేనట్టే. మాకు కాలు జివ్వుమంటోంది, బ్రాకెట్ దాదాపు నిశ్శబ్దం. వంటింట్లో ఆ "మ్మ్మ్" పోయింది.

ఇక ప్రతి ఎండాకాలం ముందు సర్వీసింగ్ రోజున మూడే చూస్తాను: ప్లేట్ల చుట్టూ కొత్త పగుళ్లు, బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర తుప్పు, రబ్బరు గట్టిపడి అంచులు చీలడం. వచ్చిన మనిషికి ఒక మాట కూడా చెబుతాను, "అన్నా, బెల్టు పెట్టుకో. యూనిట్ మీద మాత్రం ఆనుకోకు."