పేజీ నంబర్ లేని పుస్తకానికి అడ్రస్ రాయడం ఎలా?

మీ ఫోన్‌లో ఒక ఇ-బుక్ తెరిచి, కింద కనిపించే పేజీ నంబర్ చూడండి. ఇప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్షరాల సైజు బాగా పెంచండి. వాక్యం అదే, ఫోన్ అదే. కానీ చాలా పుస్తకాల్లో ఆ నంబర్ మారిపోతుంది. మొత్తం పేజీల లెక్క కూడా పెరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకునే మా నాన్నకి మూడొందల పేజీల పుస్తకం అయిదొందలు అయ్యేది ఇలాగే.

ఊరికే చదువుకునేవాళ్లకి దీంతో ఏ ఇబ్బందీ లేదు. అందులోంచి ఒక మాట తీసి ఇంకో చోట రాయాల్సి వచ్చినప్పుడే అసలు తిప్పలు మొదలవుతాయి. మా చెల్లి ఎం.ఎడ్. చేస్తోంది. డిసర్టేషన్ కోసం గాంధీ ఆత్మకథని ఇంగ్లిష్‌లో, ఫోన్‌లోనే చదివింది. కోట్ చేసిన ప్రతి చోటా యాప్ చూపించిన పేజీ నంబర్ వేసింది. గైడ్ మేడమ్ దగ్గర ఉన్నది అచ్చు పుస్తకం. ఆవిడ 57వ పేజీ తీసి చూసి, "ఈ మాట ఇక్కడ లేదమ్మా, ఎక్కడి నుంచి తెచ్చావు?" అని అడిగారట. మాట నిజమే, పుస్తకమూ నిజమే. అయినా చూసేవాళ్లకి అది సొంతంగా అల్లి రాసినట్టే కనిపిస్తుంది. సబ్మిషన్‌కి ఇంకా పది రోజులే ఉంది. ఆ రాత్రే నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, లోపల ఉన్న అసలు పేజీ నంబర్ ఎలా బయటికి తీయాలో చెప్పు" అంది.

తీయడానికి లోపల ఏమీ లేదని చెప్పాల్సి వచ్చింది.

`.epub` అని ఉండే ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పి చూస్తే లోపల వెబ్ పేజీల్లాంటి ఫైళ్లు ఉంటాయి, చాలాసార్లు అధ్యాయానికి ఒకటి చొప్పున. ఇది శీర్షిక, ఇది పేరా అని వాటిలో గుర్తులుంటాయి. "ఇక్కడితో పేజీ అయిపోయింది" అనే గుర్తు మాత్రం సాధారణంగా ఉండదు. మన స్క్రీన్ ఎంత, అక్షరాలు ఎంత పెద్దవి అని చూసుకుని, యాప్ అప్పటికప్పుడు పేరాలని స్క్రీన్లలో సర్దుతుంది. మనకి కనిపించే నంబర్ ఆ సర్దుబాటుది, పుస్తకానిది కాదు.

అయితే కొందరు ప్రచురణకర్తలు శ్రద్ధ తీసుకుని, అచ్చు పుస్తకంలో పేజీ ఎక్కడ తిరిగిందో ఫైలులో గుర్తు పెడతారు. అది ఇలా ఉంటుంది:

```
<span epub:type="pagebreak" id="p57" title="57"/>
```

ఇలాంటి పుస్తకమైతే పేజీ నంబర్ ధైర్యంగా వాడుకోవచ్చు. తెలుసుకోడానికి ఫైలు విప్పక్కర్లేదు. మొదట చెప్పిన పరీక్ష చాలావరకు సరిపోతుంది. అక్షరాల సైజు మార్చినా అదే వాక్యానికి అదే నంబర్ ఉంటే, రెండుమూడు స్క్రీన్లు జరిపినా నంబర్ కదలకుండా ఉంటే, అది అచ్చు పుస్తకం పేజీ అయ్యే అవకాశం ఉంది, కానీ కొన్ని యాప్‌లు సొంతంగా లెక్కకట్టిన నంబర్ కూడా అలాగే కదలకుండా ఉంటుంది. సైజుతో పాటు నంబర్ మారితే దాన్ని ఎక్కడా రాయొద్దు. చెల్లి పుస్తకంలో మారింది.

మరి ఏం రాయాలి? నిజానికి మన పాతవాళ్లకి ఈ సమస్య బాగా తెలుసు. తాళపత్రాల కాలంలో ఒక ప్రతిలో ఆకు పొడుగు, ఇంకో ప్రతిలో పొట్టి. ఒక లేఖకుడి రాత సన్నం, ఇంకొకరిది లావు. "ఇన్నో ఆకు చూడు" అంటే ఆ ఒక్క ప్రతి ఉన్నవాడికే ఉపయోగం. కవిత్రయ భారతంలో పద్యం కావాలంటే ఇప్పటికీ పర్వం, ఆశ్వాసం, పద్యం నంబర్ చెబుతాం. పోతన భాగవతమైతే స్కంధం, పద్యం. గీత అయితే అధ్యాయం, శ్లోకం. ఇవి కాగితం మీద ఉన్న గుర్తులు కావు, రచనలోనే ఉన్న మెట్లు. ఏ అచ్చులో చూసినా దాదాపు అక్కడే దొరుకుతాయి. ఇ-బుక్‌కి కూడా ఇదే దారి. పేజీ బదులు అధ్యాయం, దాని లోపల పేరా.

ఇక్కడ గాంధీ ఆత్మకథ ఒక చిన్న మెలిక పెడుతుంది. అందులో అయిదు భాగాలున్నాయి. ప్రతి భాగంలోనూ అధ్యాయాల నంబర్లు మళ్లీ ఒకటి నుంచే మొదలవుతాయి. చెల్లి తీసుకున్న మాట, అన్న కడియంలోంచి బంగారం ముక్క దొంగిలించిన గాంధీ తండ్రికి తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం ఇచ్చే ఘట్టంలోది. అది మొదటి భాగం, 8వ అధ్యాయం. రెండో భాగం 8వ అధ్యాయం తీస్తే ఆయన దక్షిణాఫ్రికాలో ఉంటారు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో రైల్లోంచి దింపేసింది అందులోనే. అంటే "8వ అధ్యాయం" అని మాత్రమే రాస్తే, వెతికేవాళ్లు దొంగతనం కోసం వెళ్లి రైలు దగ్గర తేలతారు. కాబట్టి భాగం కూడా రాయాలి.

అధ్యాయం పేరు కూడా రాస్తే ఇంకా మంచిది. యాప్‌లో విషయసూచిక ముందుమాటనీ, టైటిల్ పేజీనీ కలిపి తనదైన వరుస చూపించొచ్చు. ఆ వరుసలో పదోది పుస్తకంలో పదో అధ్యాయం కాకపోవచ్చు. అందుకే నంబర్‌ని విషయసూచికలో లెక్కపెట్టకుండా, అధ్యాయం తలమీద అచ్చయినదే తీసుకోవాలి. పక్కన పేరు ఉంటే, నంబర్ దగ్గర ఎవరికైనా తేడా వచ్చినా పేరు పట్టుకుని చేరిపోతారు. చెల్లి చివరికి ఇలా రాసింది: గాంధీ, భాగం 1, అధ్యాయం 8, "స్టీలింగ్ అండ్ అటోన్‌మెంట్". ఆ తర్వాత పేరా నంబర్.

పేరా లెక్క ఎలా అంటే, శీర్షికని వదిలేసి, దాని కింద మొదలయ్యే మొదటి పేరాని ఒకటి అనుకోవాలి. సంభాషణలో ఒక్క ముక్క మాట విడి పేరాగా ఉన్నా దాన్నీ లెక్కపెట్టాలి. రెండుసార్లు లెక్కపెట్టి, రెండుసార్లూ ఒకే అంకె వస్తేనే రాయాలి. స్క్రీన్ జరుపుతూ లెక్కపెట్టేటప్పుడు, రెండు స్క్రీన్ల మధ్య విరిగిన పేరా రెండుగా కనిపించి మోసం చేస్తుంది. అక్షరాల సైజు తగ్గించి, లేదంటే యాప్‌లో ఉంటే పైకి కిందకి జరిగే స్క్రోల్ పద్ధతి పెట్టుకుని లెక్కిస్తే ఆ గొడవ తగ్గుతుంది.

ఇంకో చిక్కు ఫైలు వల్లే వస్తుంది. పాత అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి ఇ-బుక్‌గా మార్చినప్పుడు, పేజీ చివర ఆగిన వాక్యం దగ్గర ఒకే పేరా రెండుగా తెగిపోవచ్చు. అలాంటప్పుడు మన ఏడో పేరా ఇంకొకరి ఆరో పేరా అవుతుంది. ఇంగ్లిష్‌లో అయితే కొత్త పేరా చిన్న అక్షరంతో మొదలైతే దొరికిపోతుంది. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు కాబట్టి పై పేరా చివర చూడాలి. అక్కడ చుక్క లేకుండా వాక్యం వేలాడుతూ ఉంటే ఆ రెండూ ఒకటే. ఇలాంటివి కనిపించే పుస్తకంలో పేరా నంబర్‌ని నమ్ముకోకుండా, భాగం, అధ్యాయం వరకే ఇచ్చి, "తండ్రికి ఉత్తరం ఇచ్చిన చోట" అని మన వాక్యంలోనే కలిపేయడం మేలు.

పేరా నంబర్ ఇవ్వాలా వద్దా అన్నది ఏ పద్ధతిలో రాస్తున్నామన్న దాని మీద కూడా ఉంటుంది. చెల్లి కాలేజీలో అడిగింది ఏపీఏ పద్ధతి. పేజీలు లేకపోతే అధ్యాయం గానీ, ఉపశీర్షిక గానీ, పేరా నంబర్ గానీ ఇమ్మంటుంది ఏపీఏ. పుస్తకంలో పేరా నంబర్లు వేసి లేకపోతే మనమే లెక్కపెట్టుకోవచ్చు. సాహిత్యం వాళ్లు ఎక్కువగా వాడే ఎంఎల్ఏ ఇందుకు ఒప్పుకోదు. నంబర్లు పుస్తకంలోనే ఉంటే ఇవ్వాలి, లేకపోతే మనం సొంతంగా లెక్కపెట్టకూడదు. కిండిల్‌లో కనిపించే లొకేషన్ నంబర్‌ని రెండూ వద్దంటాయి. అక్షరాల సైజు మార్చినా అది కదలదు కాబట్టి నమ్మకంగానే అనిపిస్తుంది. కానీ అది ఆ ఫైలుకి సొంతం. అచ్చు పుస్తకం చేతిలో ఉన్న మేడమ్‌కి దాంతో ఏం పని?

"అంతా కోట్ చేయలేదన్నయ్యా, కొన్ని చోట్ల నా మాటల్లో రాశాను. వాటికీ పేరా లెక్కపెట్టాలా?" అని అడిగింది చెల్లి. ఇక్కడ తేడా ఉంది. కోట్ చేసిన వాక్యం ఒక్క చోటే ఉంటుంది, కాబట్టి ఆ చోటు చూపించాల్సిందే. సొంత మాటల్లో చెప్పింది చాలాసార్లు నాలుగైదు పేరాల సారాంశం. దొంగతనం, దాని భారం, ఉత్తరం, చదివి కన్నీళ్లు పెట్టుకున్న తండ్రి దాన్ని చింపేయడం, ఇదంతా రెండు వాక్యాల్లో చెబితే ఒక్క పేరా నంబర్ వేయడం అబద్ధమే అవుతుంది. ఏపీఏ ప్రకారం సొంత మాటలకి రచయిత పేరు, సంవత్సరం తప్పనిసరి, లోపలి అడ్రస్ తప్పనిసరి కాదు. కానీ అంత లావు పుస్తకంలో అధ్యాయం చెప్పకపోతే చదివేవాళ్లని చీకట్లో వదిలేసినట్టే. అందుకని వాటికి భాగం, అధ్యాయం ఇచ్చి ఆపేసింది.

మొత్తం 23 చోట్ల మార్చింది. రెండు సాయంత్రాలు పట్టింది. ఎక్కువ టైమ్ తిన్నది రాయడం కాదు, ఏ మాట ఏ అధ్యాయంలో ఉందో మళ్లీ వెతకడం. కోట్‌లోని వరస అయిదారు మాటలు యాప్ సెర్చ్‌లో కొడితే చాలావరకు దొరికాయి. దొరకనివాటిలో ఉన్న మాటే ఉన్నా, యాపాస్ట్రఫీ గుర్తు నిటారుదా వంకరదా అన్న తేడాకి సెర్చ్ బోల్తా పడింది. ఆ గుర్తు లేని మాటలు ఎంచుకుని వెతికితే బయటపడ్డాయి. ఇప్పుడు తను హైలైట్ చేయగానే పక్కన నోట్‌లో భాగం, అధ్యాయం, పేరా రాసి పెట్టుకుంటోంది. చదివేటప్పుడు అది పది సెకన్ల పని.

మార్చిన కాపీ చూసి మేడమ్ తన అచ్చు పుస్తకంలో మొదటి భాగం 8వ అధ్యాయం తీశారు. పేరాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఆ వాక్యం మీద వేలు పెట్టారట. నాకు ఇంకా నచ్చింది వేరే సంగతి. అదే డిపార్ట్‌మెంట్‌లో ఇంకో సార్ దగ్గర ఉన్నది తెలుగు అనువాదం, "సత్యశోధన". పేజీ నంబర్‌కి భాష దాటే శక్తి లేదు. పేరాలు కూడా అనువాదంలో కాస్త అటూ ఇటూ అవ్వొచ్చు. కానీ మొదటి భాగం, ఎనిమిదో అధ్యాయం అంటే, ఆయనకీ ఆ ఉత్తరం తెలుగులో దొరికింది.