ఆపా రాయించిన ఖత్

మా గల్లీ చివర బేకరీ నడిపే ఆపా మొన్న నాతో ఒక ఖత్ రాయించింది. పెద్ద దుకాణమేం కాదు. ఒకే కరెంటు ఓవెన్. పొద్దున బన్నులు, మధ్యాహ్నం నాన్‌ఖటాయి, సాయంత్రం కప్‌కేకులు. పిల్లల సాల్‌గిరా ఆర్డర్లు పెరిగాయని ఆరేసి గుంటల సిలికాన్ అచ్చులు పది తెప్పించింది. మొదటి వాయిలోనే రబ్బరు కాలినట్టు బూ వచ్చింది. ఆ కేకులు గాహకులకి ఇవ్వలేదు.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే "ఫుడ్ గ్రేడ్ మాల్ మేడమ్, 230 డిగ్రీల దాకా ఫికర్ లేదు" అన్నాడట. అచ్చు వెనక గ్లాసు, ఫోర్కు బొమ్మ కూడా ఉంది. "బొమ్మ ఎవరైనా వేస్తారు భాయ్, నాకు కాగజ్ మీద సబూత్ కావాలి" అంది ఆపా. ఫోన్ మాటకి గవాహీ ఉండదు కదా, అందుకే ఖత్.

ఇలా రాశాం:

"సలాం. ఫలానా తారీఖు బిల్లు మీద మీ దగ్గర పది గోధుమరంగు అచ్చులు కొన్నాను. వీటి సిలికాన్‌ని ప్లాటినంతో గట్టిపరిచారా, పెరాక్సైడ్‌తోనా? తయారయ్యాక ఫ్యాక్టరీలో వేడిలో పెట్టారా, ఎన్ని గంటలు? ఈ అచ్చుకే, ఈ రంగుకే చేసిన టెస్ట్ రిపోర్టు అన్ని పేజీలూ పంపండి. మీరు చెప్పిన 230 డిగ్రీలు రోజూ గంటల తరబడి తట్టుకునే వేడా, కాసేపటికి మాత్రమేనా? జవాబు రాతలో ఇవ్వగలరు."

ఇందులో మొదటి రెండు సవాళ్లు ఆ బూ గురించే. మెత్తని సిలికాన్ అచ్చుగా గట్టిపడాలంటే ఏదో ఒకటి కలపాలి. పెరాక్సైడ్ కలిపితే దాని అవశేషాలు లోపల మిగులుతాయి, వాసన ఇస్తాయి. ప్లాటినం రకంలో ఆ బాధ లేదు, ఖరీదు ఎక్కువ. రెండింటిలోనూ గట్టిపడకుండా మిగిలిన చిన్న సిలికాన్ అణువులు ఉంటాయి. అచ్చుల్ని ఫ్యాక్టరీలోనే 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే వాటిలో చాలా భాగం ఎగిరిపోతుంది. కరెంటు ఖర్చు మిగుల్చుకుందామని ఆ పని ఎగ్గొడితే, అది మన ఓవెన్‌లో, మన కేకు పక్కన జరుగుతుంది. నెయ్యి, వెన్న ఉన్న పిండి వాటిని ఇంకా సులువుగా పీల్చుకుంటుంది.

జర్మనీ వాళ్ల పరీక్ష సరిగ్గా దీన్నే పట్టుకుంటుంది. 200 డిగ్రీల్లో 4 గంటలు ఉంచితే అచ్చు బరువు అర శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు. ఆపా అచ్చు 120 గ్రాములు. అంటే 0.6 గ్రాము దాకా మాఫ్. వంటింటి కాంటాకి ఇది అందదు, సునార్ కాంటాకి అందుతుంది. కడిగి, బాగా ఆరబెట్టి, తూచి, ఖాళీ ఓవెన్‌లో పెట్టి, చల్లారాక మళ్లీ తూచింది. 1.3 గ్రాములు తగ్గింది. మన ఓవెన్ వేడి ల్యాబ్‌లో లాగా నిలకడగా ఉండదు కాబట్టి ఇది సబూత్ కాదు, కానీ గట్టిగా అడగడానికి వజహ్ దొరికింది. బజారులో అచ్చుని మెలిపెట్టి "తెల్లబడలేదు చూడండి, అసలు మాల్" అంటారే, దాంతో మహా అయితే చవక పొడి కలిపారేమో తెలుస్తుంది. ఈ ఎగిరిపోయేవాటి సంగతి అది చెప్పదు.

నాలుగు రోజులకి సప్లయర్ ఒక పేజీ ఫోటో పంపాడు. అందులో ఉన్నది గులాబీ రంగు గరిటె. రిపోర్టు అడిగిన కంపెనీ పేరు వేరు. కింద "బీపీఏ లేదు" అని పెద్ద అక్షరాలు. బీపీఏ కొన్ని రకాల ప్లాస్టిక్ తయారీలో వాడేది. సిలికాన్ తయారీకి దాంతో పనే లేదు. లేనిదాన్ని లేదని చెప్పడం అడిగినదానికి జవాబు కాదు. ఆపా తన తూకం హిసాబు రాసి రెండో ఖత్ పెట్టించింది.

ఈసారి ఫ్యాక్టరీ కాగజ్ వచ్చింది. పెరాక్సైడ్ రకమే. వేడిలో పెట్టిన సంగతి ఎక్కడా లేదు. 230 అన్నది కొద్ది నిమిషాలకట, రోజువారీ వాడకానికి 200 అని రాసుంది. ఇక్కడ ఆపా పని పద్ధతి కూడా చూడాలి. బన్నులు 220 దగ్గర కాలతాయి. అవి తీసిన వెంటనే అచ్చులు పెడితే ఓవెన్ ఇంకా అదే వేడిలో ఉంటుంది. పిండి నింపిన గుంట తడి ఉన్నంతసేపు నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, కానీ ఖాళీ గుంటా, అంచులూ, ఇనుప తట్టకి తగిలే అడుగూ ఓవెన్ వేడినంతా తీసుకుంటాయి.

పది అచ్చులూ వాపసు వెళ్లాయి. సగం పైసలే వచ్చాయి, మిగతాది కొత్త మాల్‌లో సర్దుతాడట. ప్లాటినం రకం రెండే తెప్పించి, ముందు సునార్ కాంటా మీద తూచింది. ఓవెన్ లోపల వేలాడదీసే థర్మామీటర్ ఒకటి కొని, ముల్లు 180కి దిగాకే అచ్చులు పెట్టమని పనిపిల్లాడికి చెప్పింది.