దశమి కాదు, పదో రోజు

మొహర్రం పదో రోజంటే శుద్ధ దశమే అని చాలాకాలం నమ్మినవాణ్ణి నేను. ఎవరో చెప్తే నమ్మింది కాదు, నాకు నేనే తేల్చుకున్నది. వాళ్ళదీ చాంద్రమానమే, మనదీ చాంద్రమానమే. అమావాస్య వెళ్తే మనకి నెల మారుతుంది, వాళ్ళకీ మారుతుంది. పాడ్యమి నుంచి లెక్క పెట్టుకుంటూ పోతే పదోది దశమి కాక ఇంకేమవుతుంది? మా ఇంట్లో గోడకి తిథులూ వర్జ్యాలూ వేసిన క్యాలెండరు ఎప్పుడూ వేలాడుతుండేది. అది చూడ్డం నాకు చిన్నప్పుడే అబ్బింది. ఆ ధీమాతోనే పొరపాటు చేశాను. మీ గోడకీ అలాంటి క్యాలెండరు ఉంటే మీరూ ఇదే లెక్క వేస్తారనుకుంటాను.

మాది అమలాపురం పక్క ఊరు. నాతో కాలేజీలో చదివిన స్నేహితుడిది మామిడికుదురు దగ్గరి నగరం. వాళ్ళది షియా కుటుంబం. మొహర్రం పదో రోజున వచ్చేపోయేవాళ్ళకి పానకం పోస్తారని వాడి నోట విని, ఈ ఏడు ఆ పానకం మేం పోస్తామన్నాను. వాడు తారీఖు చెప్పబోతే, నాకు తెలుసులే అన్నాను. అప్పటికి ఇరవయ్యేళ్ళు. వేసవి సెలవులు. బెల్లం, మిరియాలు, యాలకులు, గంగాళాలు, గ్లాసులు అన్నీ వ్యాన్లో వేసుకుని నలుగురు కుర్రాళ్ళం దశమి నాటి పొద్దున్నే బయల్దేరాం. చిన్నప్పటి నుంచీ నేను చూసిన పీర్ల పండగంటే డప్పులు, గుండం, మొక్కులు, జనసందడి. అందుకని మైకు సెట్టు కూడా పెట్టించాను. రంగు బల్బుల దండలు కూడా తెచ్చాం.

పందిరి వేసి, పానకం కలిపి, మైకులో సినిమా పాట పెట్టాం. వీధిలో ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. గ్లాసు అందుకోవడానికీ ఎవరూ రాలేదు. కాసేపటికి మా వాడి తాతగారు నల్లచొక్కాతో, చెప్పులు లేకుండా వచ్చారు.

“పాట ఆపించు నాయనా. ఇంట్లో చావు జరిగింది కదా,” అన్నారు.

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ముందురోజు సాయంత్రం దాకా అందరూ బాగానే ఉన్నారని తెలుసు. “ఎవరండీ?” అన్నాను. “ఇమామ్ గారు,” అన్నారాయన. ఏ మసీదు ఇమామ్ గారండీ అని అడగబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. ఆ కళ్ళలో నీళ్ళు ఆ పొద్దుటివే. ఎప్పుడో పదమూడు వందల ఏళ్ళ కిందట పోయిన మనిషి కోసం అని తెలిశాక కూడా ఆ దుఃఖం పాతదని నాకు అనిపించలేదు. ఆ గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళ ఒంటిమీద ఒక్క నగ లేదు. వాళ్ళ ఎదుట నా చేతిలో రంగు బల్బుల దండ ఉంది.

మైకు ఆపించాను. అప్పుడాయన నా భుజం మీద చెయ్యేసి, “పానకం మంచి పనే బాబూ. కానీ అది రేపు పొయ్యాలి. ఇవాళ తొమ్మిదే,” అన్నారు. నేను క్యాలెండరు పేరెత్తితే ఆయన అరుగు మీద కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పారు. ఆయన చెప్పిన లెక్క తర్వాతి ఏళ్ళలో నేను తారీఖులతో సరిచూసుకుంటూ వచ్చాను. అందులో నాకు బాగా పనికొచ్చింది 2024.

ఆ ఏడు జులై 5 అమావాస్య. 6న తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో పాడ్యమి వచ్చింది. మన లెక్కలో ఆ రోజే ఆషాఢం మొదలైపోయింది. వాళ్ళకి అలా మొదలవదు. నెలవంక కంటికి కనిపించాలి. ఆ సాయంత్రం సూర్యుడు అస్తమించేసరికి చంద్రుడి వయసు పద్నాలుగు గంటలే. సూర్యుణ్ణి అంటిపెట్టుకుని, ఇంకా వెలుగు ఆరని ఆకాశంలో, అరగంటకి అటూ ఇటూగా తానూ దిగిపోతాడు. అంత సన్నటి రేఖ మామూలు కంటికి ఆనదు. ఆ రోజు వాళ్ళ జిల్‌హజ్ నెలలో 29. ఎందుకంటే మన దేశంలో బక్రీదు జూన్ 17న అయింది, బక్రీదు ఎప్పుడూ ఆ నెలలో పదో రోజు. ఇరవై తొమ్మిదో నాటి సాయంత్రం చంద్రుడు కనిపిస్తే మర్నాడు కొత్త నెల. కనిపించకపోతే, చంద్రుడు లేకపోయినా సరే, మబ్బు కమ్మినా సరే, ముప్ఫై నింపేయాలి. ముప్ఫై ఒకటో రోజంటూ ఉండదు కాబట్టి ఆపైన ఇక చూడక్కర్లేదు. అలా జులై 7 ముప్ఫయ్యో రోజైంది, 8 మొహర్రం ఒకటైంది, పదో రోజు 17న వచ్చింది.

ఆ 17 మన క్యాలెండర్లో ఏమిటో చూడండి. తొలి ఏకాదశి. నేను లెక్కగట్టే దశమి 16నే అయిపోయింది. నా కుర్రతనపు పొరపాటు మళ్ళీ ఒక రోజు తేడాతో కళ్ళకి కట్టింది. తేడా ఎక్కడుందంటే, మనం అమావాస్య ఘడియ దాటగానే ఒకటి అంటాం. వాళ్ళు విదియ చంద్రుణ్ణి చూశాక ఒకటి అంటారు. అలాగైతే రెండు రోజులు తేడా రావాలి కదా అని మొదట్లో నేనూ తికమకపడ్డాను. కానీ తిథి సూర్యోదయాన్ని బట్టి నడిచేది కాదు. ఒకోసారి ఇరవై నాలుగు గంటలకి మించి సాగుతుంది. ఆ పక్షంలో తిథులు అలా సాగి, తొమ్మిది పగళ్ళలో ఎనిమిదే గడిచాయి. అందుకని తదియ నాడు మొదలైన నెలకి పదో రోజు ద్వాదశి కాకుండా ఏకాదశి నాడు పడింది.

మరుసటి ఏడు ఇదే సంగతి ఇంకోలా జరిగింది. 2025లో బక్రీదు జూన్ 7. కాబట్టి జిల్‌హజ్ ఇరవై తొమ్మిది జూన్ 26. ఆ పొద్దున క్యాలెండర్లో పాడ్యమే ఉంది గానీ మధ్యాహ్నానికే విదియ వచ్చేసింది. సాయంత్రానికి చంద్రుడి వయసు ఇరవై ఆరు గంటలు దాటింది, కనిపించాడు. నెల ఇరవై తొమ్మిదితోనే ముగిసి 27న మొహర్రం మొదలైంది, పదో రోజు జులై 6న వచ్చింది. బక్రీదు నుంచి ఆషూరా దాకా 2024లో ముప్ఫై రోజులు, 2025లో ఇరవై తొమ్మిది. పాడ్యమా విదియా అని పొద్దున క్యాలెండర్లో ఏది రాసుందో చూసి చెప్పలేం. సూర్యాస్తమయ వేళకి ఏది నడుస్తోందో, ఆకాశం ఏం చూపించిందో అదే లెక్క.

ఇంకో చోట కూడా జనం పొరపడతారు. మన కోనసీమలో కువైట్, ఖతార్, దుబాయి ఫోన్లు రాని వీధి తక్కువ. అక్కణ్ణుంచి మనవాళ్ళు ఆషూరా ఫలానా రోజు అని చెప్తే ఇక్కడా అదే అనుకుంటారు. సౌదీలో 2024లో ఆషూరా జులై 16. 2025లో జులై 5. రెండుసార్లూ మనకంటే ఒక రోజు ముందే. వాళ్ళ ఆకాశం పడమటిది. మనకి సూర్యాస్తమయం అయిన రెండున్నర గంటలకి పైన గాని అక్కడ అవదు, ఆలోగా చంద్రుడు ఇంకాస్త ఎదుగుతాడు. పైగా వాళ్ళ ముందు నెల కూడా మనకంటే ఒక రోజు ముందే మొదలై ఉంటుంది. మనకి లెక్క ఇక్కడి సాక్ష్యమే. మా దగ్గర వానాకాలం మబ్బు పట్టి కనిపించకపోతే హైదరాబాదులో రూయతే హిలాల్ కమిటీ లాంటివి వేరే ఊళ్ళ నుంచి చూసినవాళ్ళ మాట విని, విచారించి ప్రకటిస్తాయి. అచ్చు క్యాలెండర్లో ఉండే తారీఖు ముందే వేసిన అంచనా మాత్రమే.

తాతగారు ఆ రోజు నన్ను ఊరికి పంపలేదు. సాయంత్రం దాకా ఉండమన్నారు. సూర్యుడు కొబ్బరిచెట్ల వెనక్కి దిగాక, “ఇదిగో, ఇప్పుడు పదో రోజు వచ్చింది,” అన్నారు. వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, రాత్రి ముందు, పగలు తర్వాత. పదో రోజు రాత్రి అంటే మనం తొమ్మిదో రోజు రాత్రి అనుకునేదే. ఇది తెలియక పదో తారీఖు చీకటిపడ్డాక వెళ్ళినవాళ్ళకి అక్కడ పదకొండో రోజు మొదలై ఉంటుంది.

ఆ రాత్రికే ఎందుకంత బరువో అప్పుడు చెప్పారు. ప్రవక్త మనవడు హుసేన్ యజీదు రాజ్యాన్ని ఒప్పుకోలేదు. కూఫా ప్రజలు రమ్మంటే ఇంటిల్లిపాదితో బయల్దేరాడు. దారిలో అడ్డగించిన సైన్యం మొహర్రం రెండో రోజున కర్బలాలో దింపింది. ఏడో రోజు నుంచి యూఫ్రటీసు నీళ్ళు ఆపేశారు. నది ఎదురుగానే ఉంది, నీళ్ళు మాత్రం లేవు. తొమ్మిదో సాయంత్రం సైన్యం కదిలితే ఆయన ప్రార్థన కోసం ఒక్క రాత్రి గడువు అడిగాడు. ఆ చీకట్లో తన వాళ్ళతో, వాళ్ళకి కావలసింది నేనే, వెళ్ళదలచినవాళ్ళు వెళ్ళిపోండి అన్నాడు. వాళ్ళు వెళ్ళలేదు. డెబ్బై రెండు మంది అని చెప్పుకుంటారు. తెల్లవారాక ఒక్కొక్కరే పోయారు. నీళ్ళకి వెళ్ళిన తమ్ముడు అబ్బాస్ పోయాడు, ఆర్నెల్ల బిడ్డ అలీ అస్గర్ పోయాడు, అసర్ నమాజు వేళకి హుసేన్ కూడా. హిజ్రీ 61, మన లెక్కలో క్రీ.శ. 680 అక్టోబరు 10.

నేను కలిపించిన పానకం ఎవరి దాహానికో నాకప్పుడు తెలిసింది. మర్నాడు మళ్ళీ బెల్లం తెప్పించి కలిపాం. అడిగినవాళ్ళకి అడిగినంత పోశాం. సాయంత్రం అసర్ దాటాక ఇంట్లో దీపాలు వెలిగించలేదు. ఆ సాయంకాలాన్ని షామె గరీబాఁ అంటారు. గుడారాలు తగలబడ్డాక ఆడవాళ్ళూ పిల్లలూ చీకట్లో మిగిలిన పూట.

ఆషూరా అంతా ఇదే అనుకోవడం కూడా నా ఇంకో పొరపాటు. తర్వాత ఒకసారి అమలాపురంలో నాతో పనిచేసే సున్నీ మిత్రుడు పదో రోజున ఉపవాసం ఉంటే, కర్బలా కోసమా అని అడిగాను. మూసా ప్రవక్త కోసం అన్నాడు. ఫిరౌను బారి నుంచి మూసాని, ఆయన జనాన్ని దేవుడు కాపాడిన రోజు అది. ప్రవక్త మదీనా వచ్చాక అక్కడి యూదులు ఆ కృతజ్ఞతతో ఉపవాసం ఉండటం చూసి తానూ ఉన్నారు, ఉండమన్నారు. రంజాను ఉపవాసాలు విధి అయ్యాక ఇది ఇష్టమైనవాళ్ళు ఉండేదైంది. వచ్చే ఏడు తొమ్మిదో రోజు కూడా ఉంటానని ప్రవక్త అన్నారట. ఆ ఏడు రాకముందే ఆయన పోయారు. అందుకే సున్నీలు చాలామంది తొమ్మిదీ పదీ కలిపి ఉంటారు. అంటే ఆ ఉపవాసం కర్బలాకి యాభై ఏళ్ళకి పైగా ముందుది. షియాలు ఆ రోజు పూర్తి ఉపవాసం ఉండరు, అసర్ దాకా ఏమీ ముట్టకుండా దుఃఖంలో ఉంటారు. రెండిళ్ళలోనూ పొద్దున పొయ్యి వెలగదు, కారణాలు వేరు. ఏ ఇంట్లోనూ ‘హ్యాపీ మొహర్రం’ అనే మాటకి ఆ రోజు చోటు లేదు.

ఇప్పుడు నేను బక్రీదు అవగానే క్యాలెండర్లో రెండు తారీఖుల మీద పెన్సిలు గీత పెడతాను, ఇరవై తొమ్మిది రోజుల తర్వాతది ఒకటి, ముప్ఫై తర్వాతది ఇంకోటి. బక్రీదు దాటిన పంతొమ్మిదో రోజు సాయంత్రం నగరం ఫోన్ చేస్తాను. చంద్రుడు కనిపించాడంటే రెండో గీత చెరిపేస్తాను, లేదంటే మొదటిది. పానకం బెల్లం ఆ తర్వాతే కొంటాను.