ముప్పై ఐదు నిమిషాల వాక్యం, చేతిలో ఇరవై ఐదు



మన చిలమత్తూరు వైపు ఆదివారం ఆరాధన పన్నెండు దాటకూడదు. పట్టుపురుగులున్న ఇంటివారు వెళ్లి ఆకు వేయాలి, హిందూపురం బస్సు పట్టుకోవాల్సినవారూ ఉంటారు. సాక్ష్యాలు మాత్రం గడియారం చూసుకోవు. చూసుకోమనడం మాకూ ఇష్టం లేదు. అందుకని వాక్యాన్నే కుదించడానికి వీలుగా రాసుకుంటాం.

లూకా 15లోని తప్పిపోయిన కుమారుని వాక్యమే చూడండి. వాక్యభాగం చదవడానికి 4 నిమిషాలు, చిన్నకొడుకు వెళ్లి తిరిగి రావడం 5, తండ్రి పరుగెత్తడం 4, పెద్దకొడుకు 5, మనకు వర్తించేది 2. ఈ 20 నిమిషాలను కదపం. విడదీయగలిగినవి మూడు: మొదట్లో గొర్రె, నాణెం ఉపమానాలు 6, మధ్యలో కరవు, పందుల వివరణ 4, తండ్రి తర్వాత బెంగళూరు పోయిన ఒక అబ్బాయి కథ 5. వీటిని పెన్సిలుతో గీత గీసి వేరుచేస్తాం.

టైం లేకపోతే చాలామంది పెద్దకొడుకునే వదిలేస్తారు, చివర్లో ఉన్నాడు కాబట్టి. కానీ పాపులను చేర్చుకుంటున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు సణిగినందుకే ప్రభువు ఈ ఉపమానాలు చెప్పాడు. ఆ సణిగినవాళ్లకు జవాబు పెద్దకొడుకు దగ్గరే ఉంది. చివర ఉన్నది వదలదగినది అనుకుంటే ఇలాంటి నష్టమే జరుగుతుంది.

సాక్ష్యాలు 11:35కి ముగిశాయనుకోండి. మిగిలింది 25 నిమిషాలు. లేవకముందే గొర్రె, నాణెం పక్కన పెట్టేస్తాం. సణుగుడు సంగతి మాత్రం ఒక్క మాటలో చెప్పి వాక్యభాగంలోకి వెళతాం. కరవునూ వదిలేస్తే 10 నిమిషాలు తగ్గాయి, అబ్బాయి కథకు చోటుంది. ఆ కథ పక్కన అంచులో 11:48 అని రాసి ఉంటుంది. దాని తర్వాత ఇంకా 7 నిమిషాల మాట ఉంది కదా, పన్నెండు నుంచి వెనక్కి లెక్కపెట్టి వేసిన గుర్తు అది. గడియారం అది దాటితే కథ కూడా పోతుంది. అంతేగాని వేగం పెంచం. ఇంట్లో కన్నడం మాట్లాడే పెద్దవాళ్లకు వేగంగా చెప్పిన తెలుగు అందదు.

శనివారం రాత్రి గీతల మధ్యవి దాటేసి, మిగిలింది పైకి చదువుతాం. అతుకు సరిగ్గా లేకపోతే అక్కడే తెలిసిపోతుంది. తర్వాతి భాగం “అందుకే” అనో “ఇందాక చూసిన కాపరిలాగే” అనో మొదలైతే, దేనికే అని వినేవాళ్లు వెతుక్కుంటారు. అటువంటి మాటలు కొట్టేసి, “ఇప్పుడు తండ్రిని చూద్దాం” అని సూటిగా రాసుకుంటాం. “ఈ రోజు మూడు సంగతులు” అని ముందే చెప్పం కూడా. చెబితే అక్కయ్యలు వేళ్లమీద లెక్కపెడతారు!

వదిలేశామని ఎవరికీ చెప్పం. గొర్రె, నాణెం బుధవారం గృహకూడికకు పనికొస్తాయి.