ఇంటర్వ్యూ అయిపోయినంక రాసే మూడు చిన్న మెయిళ్ళు



పోయినసారి ప్యానెల్ ఇంటర్వ్యూ గురించి రాసినప్పుడు చాలామంది ఒకటే అడిగారు. "ఇంటర్వ్యూ అయ్యాక థాంక్యూ మెయిల్ పంపాలంటున్నారు, నిజమేనా? ముగ్గురు నలుగురు కూర్చుంటే ఎవరికి పంపాలి? అందరికీ ఒకటే పంపొచ్చా?" మొన్న మేం ముగ్గురం ఒకే ఇంటర్వ్యూకు పోయి వచ్చాం కాబట్టి ఆ అనుభవంతోనే చెప్తాం.

ముందు ఒక మాట. ఇది ప్రైవేటు కంపెనీలకు, స్వచ్ఛంద సంస్థలకు పనికొచ్చే పద్ధతి. సర్కారు ఉద్యోగానికి వద్దు. గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లోనే ఇంటర్వ్యూలు తీసేశారు కాబట్టి అక్కడ ఈ ముచ్చటే లేదు. కానీ కాంట్రాక్టు పోస్టులకు, గెస్ట్ లెక్చరర్లకు వాక్-ఇన్ ఇంటర్వ్యూలు ఉంటాయి. నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీ అయినా, కోరుట్ల వెటర్నరీ కాలేజీ అయినా, సిరిసిల్ల వ్యవసాయ కాలేజీ అయినా అలాంటి చోట బోర్డులో కూర్చున్నవాళ్ళకు విడిగా మెయిల్ పెట్టొద్దు. సర్కారు నోటిఫికేషన్లలో చివరి పేజీ చదవండి. ఏ రూపంలో పైరవీ చేసినా అనర్హులే అనే మాట చాలావాటిలో ఉంటుంది. మనం మర్యాదకు రాసినా చూసేవాళ్ళకు పైరవీ లెక్క కనబడొచ్చు. ఏమైనా అడగాలంటే నోటిఫికేషన్‌లో ఇచ్చిన ఆఫీసు మెయిల్‌కే రాయాలి.

ఇక మా సంగతి. రైతు సంఘాలతో పనిచేసే ఒక సంస్థ ఫీల్డ్ కోఆర్డినేటర్ పోస్టులకు జగిత్యాలలో ఇంటర్వ్యూ పెట్టింది. మాలో ఒక అక్క సిరిసిల్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చదివింది. పొద్దున్నే బస్సెక్కి వేములవాడ మీదుగా వచ్చింది. ఒక తమ్ముడు కోరుట్లలో డిగ్రీ చేశాడు. ఇంకొకరు నాచుపల్లిలో ఇంజనీరింగ్. లోపల ముగ్గురు కూర్చున్నారు: హెచ్ఆర్ మేడం, ప్రోగ్రాం మేనేజర్ సారు, రిటైరైన ఒక వ్యవసాయ శాస్త్రవేత్త సారు.

బయటికి రాగానే మేం చేసిన మొదటి పని చెట్టు కింద కూర్చొని రాసుకోవడం. ఎవరు ఏం అడిగారు, మనం ఏం చెప్పాం, ఏ మాట దగ్గర వాళ్ళు తలెత్తి చూశారు, ఏది సగంలో ఆగింది. ఇది గంటలోపే రాసుకోవాలి. బస్సు దిగేసరికి ఎవరు ఏది అడిగారో కలగాపులగం అయిపోతుంది. అది లేకుండా కూర్చుంటే రాత్రికి "మీ విలువైన సమయం కేటాయించినందుకు" అనే వాక్యం ఒక్కటే మిగుల్తుంది. అది ముగ్గురికీ ఒకటే అవుతుంది. ఆ ముగ్గురూ ఒకే ఆఫీసులో మాట్లాడుకునేవాళ్ళు. ఒకే మెయిల్ పేరు మార్చి వచ్చిందంటే వాళ్ళకు తెలుస్తుంది.

అక్క రాసుకున్నదాంట్లో మూడు విషయాలు తేలినయ్.

శాస్త్రవేత్త సారు పసుపు గురించి అడిగారు. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు రైతు పంట బాగా తీసినా మార్కెట్‌లో రేటు ఎందుకు తగ్గుతుంది అని. తల్లి దుంపైన గోళను, పిల్ల కొమ్మైన కాడిని కలిపి ఉడికిస్తే ఒకటి మెత్తబడేసరికి ఇంకోటి సరిగ్గా ఉడకదని, సరిగ్గా ఎండకపోతే తేమ ఉండి రేటు పోతుందని అక్క చెప్పింది. "ఎండిందని ఎట్ల గుర్తుపడతావ్?" అని సారు అడిగేసరికి టైం అయిపోయిందని మేడం ఆపేశారు. మేనేజర్ సారు అడిగింది వేరే. తండాల్లో సంఘం మీటింగు పెడితే ఆడవాళ్ళు రావట్లేదు, ఏం చేస్తావ్ అని. ఇక హెచ్ఆర్ మేడంకు కావలసింది రెండే. ఎప్పుడు చేరతావ్, ప్రొవిజనల్ సర్టిఫికెట్ స్కాన్ ఉందా.

చూడండి, మూడు మెయిళ్ళు ఇక్కడే వేరైపోయినయ్. ఎవరు ఏం అడిగారో వాళ్ళకు అదే ఇవ్వాలి. పొగడ్త మార్చి మార్చి రాస్తే వేర్వేరు మెయిళ్ళు అయిపోవు. "మీ అనుభవం గొప్పది" అని ఒకరికి, "మీ మాటలు స్ఫూర్తినిచ్చాయి" అని ఇంకొకరికి రాస్తే రెండూ ఖాళీవే.

సారు తెలుగులోనే మాట్లాడారు కాబట్టి అక్క ఆయనకు తెలుగులోనే రాసింది:

"నమస్కారం సార్. ఈ రోజు ఫీల్డ్ కోఆర్డినేటర్ ఇంటర్వ్యూలో పసుపు గురించి అడిగినందుకు ధన్యవాదాలు. పసుపు ఎండిందని ఎట్ల గుర్తుపడతావని మీరు అడిగినప్పుడు సమయం అయిపోయింది. ఉడికించిన కొమ్ములు ఎండలో 10 నుంచి 15 రోజులు ఆరాలి. విరిస్తే టక్కుమని మోగుతూ విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టు. తేమ 10 శాతం లోపు ఉండాలని చదువుకున్నాను. మా ఊర్లో మాత్రం చేత్తో విరిచే చూస్తారు. గోళ, కాడి వేరుగా ఉడికించడం గురించి మీరు చెప్పిన మాట రాసి పెట్టుకున్నాను."

అంతే. కింద పేరు, ఫోన్ నంబరు. ఉద్యోగం ఇప్పించండి అనే మాట లేదు. సగంలో ఆగిన జవాబును పూర్తిచేసింది, అదీ మూడు నాలుగు వాక్యాల్లో. పేజీ నిండా రాస్తే పరీక్ష పేపర్ అయిపోతుంది.

మేనేజర్ సారుకు రాసింది ఇంకా చిన్నది. మీటింగుకు ఆడవాళ్ళు రావట్లేదనే కష్టం దాచకుండా చెప్పినందుకు థాంక్స్ చెప్పి, కూలి నుంచి వచ్చే వేళ చూసి సాయంత్రం తండాలోనే మీటింగు పెట్టాలని, మొదటిసారి గోర్ బోలిలో మాట్లాడితే ముసలవ్వలు కూడా కూర్చుంటారని తను లోపల చెప్పిన మాటనే గుర్తుచేసింది. కొత్తగా ఒక్కటే కలిపింది: మొదటి నెల ఆడవాళ్ళను పిలిచి సలహాలు చెప్పే ముందు, వాళ్ళు ఏ రోజు ఖాళీగా ఉంటారో ఇల్లిల్లు తిరిగి అడుగుతానని. మన భాష రావడం ఇక్కడ ఒక పనితనం. అది ఆయన అడిగిన ప్రశ్నకు జవాబుగా వచ్చింది కాబట్టి సరిగ్గా అతికింది. అదే మాట హెచ్ఆర్ మేడం మెయిల్‌లో పెడితే అక్కర లేకుండా ఉండేది.

మేడంకు ఇంగ్లీషులో రాసింది. ఇంటర్వ్యూ ఏర్పాటు చేసినందుకు థాంక్స్, ఎంపికైతే పదిహేను రోజుల్లో చేరగలను, మీరు అడిగిన ప్రొవిజనల్ సర్టిఫికెట్ జతచేశాను. నాలుగు లైన్లు. ఫైలు పేరు "స్కాన్ 001" అని కాకుండా తన పేరు, సర్టిఫికెట్ పేరు కలిపి పెట్టింది. రోజూ వందల ఫైళ్ళు చూసే మనిషికి అదే పెద్ద మర్యాద అని మా అభిప్రాయం.

ఇక్కడ మనోళ్ళకు ఒక చిక్కు ఉంది. మనకు ఉత్తరం రాయడం వచ్చింది దరఖాస్తుల నుంచి. కుల సర్టిఫికెట్‌కు ఎమ్మార్వోకు, స్కాలర్‌షిప్‌కు, హాస్టల్ సీటుకు రాసీ రాసీ చెయ్యి అట్లనే అలవాటైంది. "అయ్యా, మేము మిక్కిలి పేదవారము, నా తండ్రి కూలి, కావున దయచేసి" అని మొదలవుతుంది, "తమ విధేయుడు" అని ముగుస్తుంది. ఇంజనీరింగ్ తమ్ముడి మొదటి డ్రాఫ్టులో కూడా నాన్న కూలి సంగతి వచ్చింది. దాని మీద మేం గంటసేపు వాదించుకున్నాం. "అబద్ధమా? నిజమే కదా" అని వాడు. నిజమే. కానీ లోపల ఆ ముగ్గురిలో ఎవరూ అది అడగలేదు. వాళ్ళు వాడి చదువు గురించి, బోరుబావుల లెక్కల గురించి అడిగారు. దరఖాస్తు అంటే పైవాళ్ళను అడుక్కునే కాగితం. ఈ మెయిల్ అట్ల కాదు, ఒక గంట సమానంగా కూర్చొని మాట్లాడుకున్న మాటకు కొనసాగింపు. చివరికి వాడే ఆ లైను తీసేసి, బోరు లోతు నమోదు చేసే రిజిస్టర్ గురించి తను చెప్పిన మాట పెట్టాడు.

మెయిల్ అడ్రసులు ఎట్ల దొరుకుతాయి అంటారా? బయటికి వచ్చేటప్పుడు హెచ్ఆర్‌ను అడగడమే. పేరు ఎట్ల రాస్తారో కూడా అడగాలి, ఇంటిపేరు ముందా వెనుకా, స్పెల్లింగు ఏమిటి. కోరుట్ల తమ్ముడు అడిగితే సార్ల అడ్రసులు ఇవ్వడం కుదరదన్నారు. వాడు ఫేస్‌బుక్‌లో వెతకలేదు, ఎవరి ఫోన్ నంబరూ పట్టుకోలేదు. మేడంకే ఒక మెయిల్ పెట్టి, కింద ఇద్దరు సార్లకు రెండేసి వాక్యాలు విడివిడిగా రాసి, వీలైతే చేరవేయమని అడిగాడు. అది సరిపోతుంది. రాత్రి పదింటికి వాట్సాప్‌లో "గుడ్ నైట్ సార్, థాంక్యూ" అని పెట్టడం కంటే వంద రెట్లు మేలు.

అడ్రసులు దొరికితే ఎవరి మెయిల్ వాళ్ళకు విడిగా పంపాలి. To లో ఒకరే ఉండాలి, Cc లో ఎవరూ వద్దు. కాపీ చేసి మారుస్తుంటే పైన ఒకరి పేరు, లోపల ఇంకొకరి ప్రశ్న ఉండిపోతుంది. అందుకని అక్క ఒకదాంట్లోంచి ఇంకోటి కాపీ కొట్టకుండా మూడూ కొత్తగా మొదలుపెట్టింది. పంపే ముందు మేం ఒకరిది ఒకరం బయటికి చదివాం. సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, ఇంటర్వ్యూ తారీఖు, మన పేరు ఉంటే చాలు. అదే రోజు సాయంత్రం గానీ, మర్నాడు పొద్దున గానీ పంపాలి. నాలుగు రోజులాగితే ఆ ముచ్చట వాళ్ళకు గుర్తుండదు.

దీంతో ఉద్యోగం వస్తుందా? చాలా చోట్ల మార్కులు మనం గది దాటగానే వేసేస్తారు. మెయిల్ వచ్చేసరికి కాగితం మీద సంతకాలు అయిపోయి ఉండొచ్చు. లోపల సరిగ్గా చెప్పలేనిదాన్ని మెయిల్ మార్చదు. ఇద్దరు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు, లేకపోతే రేపు ఇంకో పోస్టు పడ్డప్పుడు పేరు గుర్తుండటానికి పనికొస్తుంది, అంతవరకే.

మాకు ఏమైందంటే, మేనేజర్ సారు నుంచి ఎవరికీ జవాబు రాలేదు. మేడం అందరికీ "అందింది" అని ఒక్క ముక్క రాశారు. శాస్త్రవేత్త సారు మాత్రం అక్కకు జవాబిచ్చారు. విరిచి చూసేటప్పుడు పైన ఉన్న కొమ్ము కాదు, కుప్ప అడుగు నుంచి తీసి చూడాలి, కింద తేమ మిగిలి ఉంటుంది అని. జాబితాలో అక్క పేరు వచ్చింది. ఇంజనీరింగ్ తమ్ముడికి రాలేదు. కోరుట్ల తమ్ముడు వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. వాడు మేడం మెయిల్‌కే రెండు లైన్లు జవాబు రాశాడు: సమాచారం ఇచ్చినందుకు థాంక్స్, ఎవరైనా చేరకపోతే వారం రోజుల ముందు చెప్తే చాలు, వస్తాను అని.